‘100% వీసా’ అన్న మాట తీసేస్తే సెమినార్‌కి జనం వస్తారా? క్యాప్షన్ చూసి చెప్పండి

గంజాం_గౌరి
అందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఒక చిన్న స్టడీ అబ్రాడ్ కన్సల్టెన్సీలో పని చేస్తున్నాను. కౌన్సెలింగ్ ఇద్దరు చూస్తారు, మిగతావన్నీ, అంటే ఫోన్లు, ఫైళ్లు, ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ స్టేటస్ అన్నీ నా నెత్తి మీదే. వచ్చే ఆదివారం కోర్టుపేట వైపు ఒక హోటల్ హాల్‌లో సెమినార్ పెడుతున్నాం. మా సార్ రాసిచ్చిన మేటర్ ఇది, ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను:

“అమెరికా, యూకే, కెనడా వెళ్లాలనుందా? 100% వీసా గ్యారంటీ! స్పాట్ అడ్మిషన్! 50% వరకు స్కాలర్‌షిప్! చదువు అయ్యాక పీఆర్! ఉచిత సెమినార్. సీట్లు కొన్నే ఉన్నాయి, త్వరపడండి. మీ కల మా బాధ్యత.”

ఇది పోస్ట్ చేయడానికి నాకు మనసొప్పలేదు. అదే అంటే సార్ కొంచెం దిగి, సరే, గ్యారంటీ తీసేసి “98% వీసా సక్సెస్” అని పెట్టు, స్పాట్ అడ్మిషన్ బదులు “స్పాట్ ఆఫర్ లెటర్” అను, గొడవ ఉండదు అన్నారు. ఇలా మారిస్తే సరిపోతుందా? తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి వెళ్తాయి. ఫ్లెక్స్ కూడా ఉంది. అబద్ధం లేకుండా, అలాగని ఖాళీ కుర్చీలు మిగలకుండా ఎలా రాయాలో చెప్పండి.

రాయగడ_రాజు
దీనికింత ఆలోచన ఎందుకండీ, 98% పక్కన ఒక చుక్క గుర్తు పెట్టి కింద చిన్నగా “షరతులు వర్తిస్తాయి” అని ఇంగ్లీషులో వేసేయండి. మ్యూచువల్ ఫండ్ వాళ్ల దగ్గర నుంచి చీరల షాపుల దాకా అందరూ చేసేది అదే. అలా వేస్తే ఏ గవర్నమెంటూ ఏమీ అనదు. ఆస్కీ అని ఒక గవర్నమెంట్ ఆఫీసు ఉంది, వాళ్లే ఫైన్ వేస్తారు, వాళ్లు కూడా చుక్క ఉందా లేదా అనే చూస్తారు.

పర్లా_మాస్టారు
రాజుగారూ, చుక్క సంగతి మీరు సగమే చెప్పారు. ఆస్కీ గవర్నమెంటు ఆఫీసు కాదు, ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంఘం. అది ప్రకటన మార్చమనో తీసేయమనో అంటుంది, ఫైన్ వేయదు. ఫైన్ వేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చిన కేంద్ర అథారిటీకి ఉంది, మొదటిసారికి 10 లక్షల దాకా. ఆ అథారిటీ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఈ చుక్క గురించే ఉంది. పైన చెప్పిన తప్పుడు మాటను కింద చిన్న అక్షరాలతో సరిదిద్దకూడదు. పైన ఏ భాషలో చెప్పారో కింద కూడా అదే భాషలో ఉండాలి, అక్షరం కూడా కంటికి ఆనాలి. తెలుగులో 98% అని కొట్టి, కింద ఇంగ్లీషులో చీమ తలంత అక్షరాలు వేస్తే రెండు రకాలుగానూ తప్పే.

గౌరమ్మా, ఇక నీ అసలు ప్రశ్న. నేను వైజాగ్‌లో చాలా కాలం వీసా ఫైలింగ్ చూశాను, ఇప్పుడు పర్లాకిమిడిలో ఇంటి పట్టున ఉంటున్నాను, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా. మీ సార్ మాట మార్చారు గానీ హామీ మార్చలేదు. 98 అనేది దేనిలో 98 అన్నది ముందు అడుగు. కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లలోనా, ఫైలు పెట్టినవాళ్లలోనా, ఏ దేశానికి, ఏ ఏడాది? అమెరికాకి ఒక లెక్క, జర్మనీకి ఒక లెక్క, అన్నీ కలిపి ఒక శాతం చెప్తే అది ఎవరికీ పనికొచ్చే అంకె కాదు. పైగా ముందు ఇరవైమందికి వీసా వచ్చిందంటే వాళ్ల మార్కులు, వాళ్ల బ్యాంకు, వాళ్లు ఇంటర్వ్యూలో చెప్పిన జవాబు. నీ ఎదురుగా కూర్చున్న కుర్రాడి ఇంటర్వ్యూ ఇంకా జరగలేదు.

ఇక స్పాట్ ఆఫర్ లెటర్. సెమినార్‌లో ఆ రోజు చేతికిచ్చే కాగితం చాలాసార్లు షరతులతో కూడిన ఆఫర్, ఒక్కోసారి అది కూడా కాదు, “మీ మార్కులకు అర్హత ఉన్నట్టుంది” అన్న చీటీ. ఫైనల్ మార్కులు రావాలి, ఇంగ్లీషు పరీక్ష స్కోరు రావాలి, డిపాజిట్ కట్టాలి, యూకే అయితే ఆ తర్వాతే యూనివర్సిటీ సీఏఎస్ అనే అడ్మిషన్ ఖరారు పత్రం ఇస్తుంది, అమెరికా అయితే డబ్బు కాగితాలు చూసి ఐ-20 అనే ఫారం ఇస్తుంది. వీసాకి పనికొచ్చేవి ఆ సీఏఎస్, ఆ ఐ-20. సెమినార్‌లో ఇచ్చిన రంగుల కాగితం పట్టుకుని వెళ్లి ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచిన తండ్రిని చూశాను, మూడు వారాలకు కండిషన్ తీరక అది రద్దయింది.

క్యాప్షన్‌కి ఒక్కటే చూసుకో. రాసిన ప్రతి వాక్యం ఆదివారం ఆ హాల్లో జరిగేదై ఉండాలి. ఎవరు మాట్లాడతారు, ఏ దేశాల గురించి, ఏ కాగితాలు చూస్తారు, ఎంతసేపు, ఏ భాషలో, డబ్బు తీసుకుంటారా లేదా. హాలు దాటాక జరిగేవి యూనివర్సిటీవాళ్ల చేతిలో, ఎంబసీవాళ్ల చేతిలో ఉంటాయి. వాటి మీద నువ్వు మాటిస్తే ఎదుటివాళ్ల ఆస్తి రాసిచ్చినట్టే.

జయపురం_జగ్గు
మాస్టారు చెప్పింది వినడానికి బాగుంది. వ్యాపారం చేసినవాడి బాధ వేరు. నాది కూడా ఇదే లైను, జయపురంలో. మేం నీట్‌గా “గైడెన్స్ సెమినార్” అని వేస్తే ఎనిమిది మంది వచ్చారు, అందులో ఇద్దరు టీ కోసం. అదే వారం వైజాగ్ నుంచి ఒకాయన వచ్చి “వీసా పక్కా” అని బస్టాండ్ నిండా ఫ్లెక్సులు కట్టాడు, హాలు బయట కూడా నిలబడ్డారు. అన్నీ తీసేసి “మా చేతిలో ఏమీ లేదు” అని రాస్తే, అయితే నీ దగ్గరికి ఎందుకు రావాలి అని అడగరా?

గుణుపురం_అమ్మ
బాబూ, నాకు ఇవన్నీ తెలీవు గానీ వీసా గురించి మాట్లాడుతున్నారు కదా అని రాస్తున్నాను. మా అబ్బాయికి అమెరికా వీసా హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో రిజెక్ట్ చేశారు, 214(బి) అని ఒక కాగితం ఇచ్చారు. మేం వెళ్లిన ఆఫీసు బోర్డు మీద గ్యారంటీ అనే ఉంది. అడిగితే “గ్యారంటీ అంటే మళ్లీ పంపిస్తామని అర్థం ఆంటీ” అన్నారు. రెండోసారి వెళ్తే వస్తుందా? ఎన్ని నెలలు ఆగాలి? ఎవరైనా చెప్పండి.

పర్లా_మాస్టారు
అమ్మా, ఆ కాగితం మీద అప్పీలు ఉండదు, మళ్లీ అప్లై చేసుకోవచ్చు, ఇన్నాళ్లు ఆగాలన్న రూలు లేదు. వీసా ఫీజు, ఇప్పుడు 185 డాలర్లు, మళ్లీ కట్టాలి. విదేశీ విద్యార్థుల రికార్డు పెట్టే సెవిస్‌కి కట్టే ఫీజు 350 డాలర్లు మాత్రం, అదే రకం వీసాకి మొదటి రిజెక్షన్ అయిన పన్నెండు నెలల్లోపు వెళ్తే మళ్లీ కట్టక్కర్లేదు. 214(బి) అంటే చదువు అయ్యాక మీవాడు తిరిగి వస్తాడన్న నమ్మకం ఆ అధికారికి కలగలేదని. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఏమీ మారకపోతే జవాబు మారడం కష్టం. మారింది ఏమిటో, కోర్సా, డబ్బు చూపించే తీరా, ఎందుకు ఆ యూనివర్సిటీ అన్న జవాబా, అది చూసుకుని వెళ్లండి. వస్తుందని నేనూ చెప్పలేను, ఇంకెవరైనా చెప్తే నమ్మకండి.

జగ్గుగారూ, ఇప్పుడు చూశారు కదా, గ్యారంటీ అన్న మాటని ఆ ఆఫీసువాళ్లు ఎలా తిప్పారో. బస్టాండ్‌లో జనాన్ని పోగుచేసేటప్పుడు దానికి ఒక అర్థం, రిజెక్ట్ అయ్యాక ఇంకో అర్థం. “మా చేతిలో ఏమీ లేదు” అని రాయమని నేను అనలేదు. చేతిలో ఉన్నది గట్టిగా రాయమంటున్నాను. “గైడెన్స్ సెమినార్” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అందుకే ఎనిమిది మంది వచ్చారు.

గంజాం_గౌరి
మాస్టారూ, మీరన్నట్టు 98 ఎక్కడిదని మధ్యాహ్నం సార్‌ని అడిగాను. మేం నేరుగా యూనివర్సిటీలతో ఒప్పందం ఉన్నవాళ్లం కాదు, పెద్ద ఊళ్లో ఉన్న ఒక కంపెనీ కింద సబ్ ఏజెంట్లం, ఫైళ్లు వాళ్ల పోర్టల్ నుంచే వెళ్తాయి. ఆ 98 వాళ్ల బ్రోచర్‌లోది! మాది కానే కాదు. అప్పుడు నేనే మా రిజిస్టర్ తీశాను. పోయిన ఏడాది 41 మంది ఫీజు కట్టి చేరారు, వాళ్లలో వీసా దాకా వెళ్లింది 23 మంది, వచ్చింది 17 మందికి. మిగతావాళ్లలో కొందరు ఇంగ్లీషు పరీక్ష దగ్గరే ఆగిపోయారు, కొందరు డబ్బు కుదరక వెనక్కి తగ్గారు. 17 మందిలో ముగ్గురికి రెండోసారి వచ్చింది. సార్ ఆ కాగితం చూసి కొంచెంసేపు మాట్లాడలేదు, తర్వాత “74% అని వేద్దామా” అన్నారు.

పర్లా_మాస్టారు
వద్దు. 74 నిజమే, కానీ 41 మందిలో 17 అంటే 41 శాతం. అదీ నిజమే. మొదటిసారికే వచ్చినవాళ్లు 23లో 14 మంది, అంటే 61 దగ్గర. ఒకే రిజిస్టర్‌లో మూడు నిజమైన శాతాలు. ఏది వేసినా మిగతా రెండూ దాచినట్టవుతుంది. అంత తక్కువ మందితో వచ్చిన శాతం వచ్చే ఏడాది ఇద్దరు అటూ ఇటూ అయితే మారిపోతుంది. పోస్టర్ మీద అసలు వేయకు. హాల్లో ఎవరైనా అడిగితే మాత్రం ఈ అంకెలు అన్నీ, దేశం వారీగా, చెప్పండి. ఆ మాట చెప్పిన కన్సల్టెన్సీని నేను ఇప్పటికి చూడలేదు.

ఫ్లెక్స్_బాబు
నాది ప్రింటింగ్ పని, ఈ పోస్టర్లు నా దగ్గరే తయారవుతాయి కాబట్టి ఒక మాట. మీరు క్యాప్షన్ ఎంత నీట్‌గా రాసినా బొమ్మ వేరేది చెప్తుంది. ఎవరు వచ్చినా అడిగేది ఒకటే, విమానం, స్వేచ్ఛా విగ్రహం, వీసా స్టాంపు ఉన్న పాస్‌పోర్టు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. కింద “వీసా మా చేతిలో లేదు” అని వేసి పైన పాస్‌పోర్టు మీద స్టాంపు వేస్తే జనం స్టాంపే చూస్తారు. ఇంకోటి, వాట్సాప్ స్టేటస్‌లో పొడుగ్గా రాస్తే చివరి లైన్లు “ఇంకా చదవండి” కింద దాక్కుంటాయి. అసలు మాట పైన మూడు లైన్లలో ఉండాలి. అంతర్జాతీయ యూనివర్సిటీల లోగోలు గూగుల్‌లోంచి తీసి ఇరవై పెట్టమంటారు, అది పెట్టొచ్చా మాస్టారూ? నాకు ఎప్పటినుంచో డౌటు.

పర్లా_మాస్టారు
రాతపూర్వకంగా అనుమతి ఉంటేనే పెట్టాలి. సబ్ ఏజెంట్లకి ఆ అనుమతి సాధారణంగా ఉండదు. “యూనివర్సిటీ ప్రతినిధి వస్తున్నారు” అన్నది కూడా అంతే. ఆ యూనివర్సిటీ జీతం ఇచ్చే మనిషి అయితేనే అలా రాయాలి. పై కంపెనీ రీజనల్ మేనేజర్ వస్తుంటే ఆ మాటే రాయండి. జనం ఏమీ అనుకోరు, అబద్ధం బయటపడితేనే అనుకుంటారు.

సిరొంచ_కుర్రాడు
నేను మీ వైపు కాదు, మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇక్కడ కన్సల్టెన్సీ లేదు, మంచిర్యాలకో చంద్రాపూర్‌కో వెళ్లాలి. స్టూడెంట్‌గా నా మాట చెప్తాను. నేను ఒక సెమినార్‌కి బస్సులో వెళ్లాను, ఫ్రీ అన్నారు, తలుపు దగ్గర రిజిస్ట్రేషన్ 500 అన్నారు. లోపల గంటన్నర కంపెనీ వీడియోలు. నాకు కావాల్సింది రెండే విషయాలు, మా నాన్న పేరు మీద ఉన్న పొలం విలువ లెక్కలోకి వస్తుందా, బ్యాక్‌లాగులు నాలుగు ఉన్నాయి ఎక్కడైనా పనికొస్తుందా. “ఆఫీసుకి రా, ప్యాకేజీ చెప్తాం” అన్నారు. పోస్టర్ మీద “పొలం కాగితాలు, బ్యాంకు బ్యాలెన్సు ఎలా చూపించాలో చెప్తాం” అని ఒక్క లైను ఉంటే, వీసా గ్యారంటీ కంటే దానికే నేను ఎక్కువ పరిగెత్తుకుంటూ వెళ్తాను.

జయపురం_జగ్గు
ఈ కుర్రాడి మాట పట్టుకోవాల్సిందే. మా దగ్గరికి వచ్చే తండ్రులు కూడా మొదట అడిగేది డబ్బు గురించే. పొలం అయితే ఉంటుంది, బ్యాంకులో ఉండదు.

పర్లా_మాస్టారు
అదే విషయం. తమ్ముడూ, పొలం విలువ కాగితం అప్పుకి తాకట్టుగా ఉపయోగపడొచ్చు, అమెరికా ఇంటర్వ్యూలో కుటుంబ స్థితి చెప్పడానికి పనికిరావచ్చు. యూకేకి మాత్రం ఖాతాలో డబ్బు 28 రోజులు కదలకుండా ఉండాలి, లేదా గుర్తింపు ఉన్న బ్యాంకు లోన్ లెటర్ ఉండాలి, పొలం చూపిస్తే కుదరదు. జర్మనీకి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలకింత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో వేయాలి, 2024 సెప్టెంబరు నుంచి అదే లెక్క. దానికి ముందు మన డిగ్రీలు అసలైనవేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఒక గంట ఇదే చెప్పినా హాలు కదలదు. గౌరమ్మా, నీ క్యాప్షన్‌కి కావాల్సిన సరుకు ఇదే, నువ్వే రాసి చూపించు.

గంజాం_గౌరి
సరే, మీ అందరి మాటలూ కలిపి రాశాను. చూడండి.

“అబ్బాయినో అమ్మాయినో బయట దేశానికి చదువుకు పంపాలంటే ఇంట్లో ఎంత డబ్బు, ఏ కాగితాలు ఉండాలి? పొలం ఉంది, బ్యాంకులో లేదు, అప్పుడెలా? బ్యాక్‌లాగులు ఉంటే ఏ దేశాలు చూస్తాయి? వీసా ఎందుకు తిరస్కరిస్తారు?

ఆదివారం ఉదయం 10:30 నుంచి 1 గంట వరకు, బరంపురం కోర్టుపేటలో. అమెరికా, యూకే, జర్మనీల గురించి తెలుగులో, ఒడియాలో మాట్లాడతాం. మార్కుల లిస్టు, పాస్‌పోర్టు ఉంటే తెచ్చుకోండి, మా కౌన్సెలర్లు ఒక్కొక్కరితో 15 నిమిషాలు విడిగా కూర్చుంటారు. ప్రవేశం ఉచితం. ఆ రోజు హాల్లో ఎవరి దగ్గరా ఏ ఫీజూ తీసుకోం.

అడ్మిషన్ ఇచ్చేది యూనివర్సిటీ, వీసా ఇచ్చేది ఆ దేశం. ఆ రెండింటికీ మేం హామీ ఇవ్వం. అప్లికేషన్ తప్పుల్లేకుండా పెట్టించడం, ఇంటర్వ్యూకి తయారుచేయడం మా పని.”

కెనడా తీసేశాను, మా దగ్గర దాని గురించి గట్టిగా తెలిసినవాళ్లు లేరు. పాత ఫ్లెక్స్‌లో ఎస్‌డీఎస్‌లో త్వరగా వీసా అని ఉంది, ఆ పద్ధతిని కెనడా 2024 నవంబరు 8న ఆపేసిందని ఇప్పుడే తెలిసింది.

ఫ్లెక్స్_బాబు
మొదటి నాలుగు ప్రశ్నలు సూపరండీ. ఫ్లెక్స్‌కి మాత్రం ఇంత మేటర్ పట్టదు, రెండు ప్రశ్నలు, టైము, చోటు, చివరి పేరా. చివరి పేరా తీసేయమని అడగకండి, పెద్దక్షరాల్లోనే వేస్తాను.

పర్లా_మాస్టారు
బాగుంది. ఒక్క చోట ఆగు. వీసా హామీ తీసేసి ఇంకో హామీ ఇచ్చావు, అది కూడా నిలబెట్టుకోలేనిది. 10:30 నుంచి 1 అంటే రెండున్నర గంటలు. గంట ప్రసంగం పోతే మిగిలేది తొంభై నిమిషాలు. మీ ఇద్దరు కౌన్సెలర్లు, మీ సార్ కూడా కూర్చుంటే ముగ్గురు. మనిషికి 15 నిమిషాలైతే ఒక్కొక్కరు ఆరుగురిని చూస్తారు, మొత్తం 18 మంది. అరవై మంది వస్తే మిగతా 42 మంది మధ్యాహ్నం ఎండలో తిట్టుకుంటూ వెళ్తారు. “ముందుగా ఫోన్ చేసి పేరు ఇచ్చిన 18 మందికి విడిగా 15 నిమిషాలు, మిగతావాళ్లకు మళ్లీ వారంలో ఆఫీసులో, దానికీ ఫీజు లేదు” అని రాయి. సీట్లు కొన్నే ఉన్నాయి అని మీ సార్ అన్నారు కదా, ఇప్పుడు అది నిజంగానే నిజం, అంకెతో సహా.

ఉచితం అన్నావు కాబట్టి తలుపు దగ్గర రిజిస్ట్రేషన్ పేరుతో కూడా రూపాయి అడగకూడదు, సిరొంచ తమ్ముడికి జరిగినట్టు. ఉచితం అని చెప్పి డబ్బు అడగడం గురించి కూడా ఆ 2022 మార్గదర్శకాల్లో వేరేగా ఉంది.

జయపురం_జగ్గు
క్యాప్షన్ ఒప్పుకుంటాను, మంచిగానే వచ్చింది. ఒక్కటి మాత్రం వదులుకోను. మేం “వీసా రాకపోతే మా సర్వీస్ ఫీజు వాపస్” అని వేస్తాం, నిజంగా ఇస్తాం కూడా, చెక్కులు చూపిస్తాను. ఇది వీసా హామీ కాదు కదా, మా డబ్బుకి హామీ. ఇది కూడా తప్పేనా?

పర్లా_మాస్టారు
ఇచ్చేమాటైతే తప్పు కాదు. కానీ పోస్టర్ మీద ఆ ఒక్క లైను చదివినవాడికి వినిపించేది “వీసా వస్తుందని వీళ్లకి అంత నమ్మకం” అనే. పైగా ఏ ఫీజు? మీది పదిహేను వేలు వాపస్ ఇస్తారు, ఎంబసీ ఫీజు, సెవిస్, యూనివర్సిటీ డిపాజిట్‌లో కోసేది, అప్లికేషన్ ఫీజులు ఎవరూ వాపస్ ఇవ్వరు, అవి కలిపితే మీ ఫీజు కంటే ఎక్కువ. అగ్రిమెంట్‌లో పెట్టండి, హాల్లో చెప్పండి, పోస్టర్ మీద వద్దు అంటాను.

జయపురం_జగ్గు
నేను వేస్తాను మాస్టారూ, కింద ఏవి వాపస్ రావో కూడా అదే సైజులో వేస్తాను. దీంట్లో మీతో ఒప్పుకోలేను, ఏమీ అనుకోకండి.

గుణుపురం_అమ్మ
మా దగ్గర వాపస్ అని అన్నారు గానీ రాసి ఇవ్వలేదు. మీరు రాసి ఇస్తారా బాబూ?

జయపురం_జగ్గు
ఇస్తామమ్మా, సంతకంతో.

రాయగడ_రాజు
నేను చదివాను, 2024 నవంబరులో కోచింగ్ సెంటర్లకి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, ఫోటోలు వాడాలంటే స్టూడెంట్ అనుమతి కావాలి, సక్సెస్ రేట్ ఊరికే వేయకూడదు అని. గౌరిగారి ఆఫీసుకి అది వర్తిస్తుంది. ఈసారైనా నేను కరెక్టా మాస్టారూ?

పర్లా_మాస్టారు
సగం కరెక్ట్ రాజుగారూ, ఇదివరకటి కంటే మెరుగు. ఆ మార్గదర్శకాల్లో కోచింగ్ అన్నదానిలోంచి కౌన్సెలింగ్‌ని మినహాయించారు. కాబట్టి అడ్మిషన్ సలహా ఇచ్చే భాగానికి అవి నేరుగా తగలవు. అదే ఆఫీసులో ఐఈఎల్‌టీఎస్ క్లాసులు పెట్టి వాటికి ప్రకటన వేస్తే, స్టూడెంట్లు యాభైమందిని మించితే, అప్పుడు చూసుకోవాలి. అయినా 2022 నాటివి అందరికీ ఉన్నాయి కదా, ఇది తప్పించుకునే దారి కాదు. గౌరమ్మా, మీరు క్లాసులు చెప్తారా?

గంజాం_గౌరి
చెప్పం. బయటికి పంపిస్తాం.

సార్ క్యాప్షన్ చదివారు. చివరి పేరా దగ్గర మొహం చిట్లించారు గానీ 18 మంది అన్న లైను చాలా నచ్చింది, “త్వరపడండి” అని పక్కన పెట్టమన్నారు, పెట్టాను. స్కాలర్‌షిప్, పీఆర్ రెండూ తీసేయడానికి ఒప్పుకున్నారు. ఒక్క చోట ఇంకా ఒప్పుకోలేదు. ఫోన్ చేసినవాళ్లు “వీసా వస్తుందా” అని అడిగితే ఏం చెప్పాలి? ఇంతకుముందు మా ఇంకో అమ్మాయి “పక్కా వస్తుంది అంకుల్, మీరు రండి” అనేది. పోస్టర్ మీద లేనిది ఫోన్‌లో చెప్తే ఫర్వాలేదు అంటారు సార్, రికార్డు ఉండదు కదా అని.

సిరొంచ_కుర్రాడు
అక్కా, నేను ప్రతి కాల్ రికార్డు చేస్తాను. నా ఫ్రెండ్స్ అందరూ చేస్తారు.

పర్లా_మాస్టారు
మీ సార్‌కి ఈ తమ్ముడి మెసేజ్ చూపించు. ఫోన్ పక్కన అతికించుకోవడానికి ఒక లైను రాసిస్తాను: “వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమండి, మీ కాగితాలు చూస్తే ఎక్కడ ఇబ్బంది రావొచ్చో చెప్పగలం, ఆదివారం తీసుకురండి.” ఇది చెప్పి ఫోన్ పెట్టేస్తే చాలు. ఈ మాటకే వెనక్కి తగ్గేవాడు ఎలాగూ రాడు, వచ్చినా మొదటి రిజెక్షన్‌కే మీ షట్టర్ దగ్గర గొడవ పెట్టుకుంటాడు.

గుణుపురం_అమ్మ
అమ్మా గౌరీ, ఆ 18 మందిలో మా అబ్బాయి పేరు రాసుకుంటావా? రిజెక్ట్ అయిన కాగితం, ఐ-20 అన్నీ తీసుకొస్తాం. గుణుపురం నుంచి పొద్దున్నే బయల్దేరాలి, బస్సు లేటైతే టోకెను పోతుందా?

గంజాం_గౌరి
పోదండి, మీ పేరు చివర్లో రాస్తాను, 12:45కి. బ్యాంకు స్టేట్‌మెంట్, మొదటిసారి నింపిన వీసా అప్లికేషన్, అదే డీఎస్-160 ప్రింటు ఉంటే అది కూడా పట్టుకురండి, ఇంటర్వ్యూలో ఏం అడిగారో, బాబు ఏం చెప్పాడో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాయించండి.

ఫ్లెక్స్_బాబు
గౌరిగారూ, తెలుగుది ప్రింట్‌కి పెట్టేశాను. ఒడియాది ఇంకా మీ పాత ఫైలే ఉంది నా దగ్గర, అందులో 100% అలాగే ఉంది, విమానం కూడా. సాయంత్రం నాలుగులోపు కొత్త మేటర్ పంపితే రేపు రెండూ కలిపి కడతాం. పంపకపోతే ఒడియాది ఆపేస్తాను, పాతది మాత్రం వేయను.

గంజాం_గౌరి
వేయకండి వేయకండి. మా కౌన్సెలర్ ఒకరు ఒడియా మేడమ్, ఆవిడ ఇప్పుడే కూర్చుని రాస్తున్నారు. మూడున్నరకి పంపిస్తాను. బొమ్మగా విమానం బదులు టేబుల్ దగ్గర కాగితాలు చూస్తున్న ముగ్గురి ఫోటో మాదే ఉంది, అది పంపుతాను, అందులో గోడ మీద పాత పోస్టర్ కనబడుతోంది, దాన్ని మాత్రం కోసేయండి.